ఆర్‌ఎక్స్ 100 డైరీ: పేరు లేని డబ్బా

శుక్రవారం

బండి స్టార్ట్ అవుతోంది. ఈ మాట ముందు రాసుకోవాలి, ఎందుకంటే ఇంతదాకా వస్తుందని మా ఇంట్లో ఒక్కరికీ నమ్మకం లేదు. మామయ్య వాడి వదిలేసిన 1992 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100, ఏళ్ల తరబడి పశువుల పాకలో కొబ్బరి డొక్కల వెనక పడి ఉంది. చాసిస్‌కి నల్లటి పౌడర్ కోటింగ్ అయింది, రింగులు మార్చాం, కార్బ్యురేటర్ మల్కిపురంలో సర్వీసు చేయించాను, ఇప్పుడు కిక్కు కొడితే వెంటనే అందుకుంటోంది. ఐడిల్ బాగుంది, మిస్సింగ్ లేదు, సైలెన్సర్ పొగ కూడా టూ స్ట్రోక్ బండికి ఉండాల్సినంతే.

తేడా అంతా లైట్ల దగ్గర. ఐడిల్‌లో హెడ్‌లైట్ మామూలుగానే వెలుగుతుంది. కాలవ గట్టు మీద రెండో గేర్‌లో కాస్త గట్టిగా రైజ్ చేశామా, లైటు తెల్లగా మండిపోయి టప్పున ఆరిపోతుంది. తీసి చూస్తే బల్బు గాజు లోపల నల్లటి మసక, ఫిలమెంటు తెగి వేలాడుతూ ఉంటుంది. కొత్తది వేసినా అదే వరస. ఇది చాలదన్నట్టు బ్యాటరీ కొత్తదైనా పొద్దున్నకి హారన్ గొంతు పట్టేసినట్టు మూలుగుతోంది.

సీటు కింద అల్యూమినియం డబ్బా ఒకటి ఉంది, అరచేతిలో ఇమిడేంత. నంబరు లేదు, కంపెనీ పేరు లేదు, స్టిక్కర్ ఉండాల్సిన చోట గమ్ము మరక మాత్రం ఉంది. దాన్ని విప్పి పట్టుకెళ్లి ఊళ్లో స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో చూపిస్తే ఆయన అటూ ఇటూ తిప్పి, “ఇది సీడీఐ, పోయింది. ఈ పాత మోడల్‌వి ఇక్కడెక్కడ దొరుకుతాయండి, విజయవాడ ఆటోనగర్ వెళ్లి వెతుక్కోండి” అన్నాడు. సరే, ఇంటికొచ్చి డబ్బాని మళ్లీ దాని చోట బిగించేసి, ప్లాన్ వేశాను. సోమవారం సెలవు పెట్టి, పొద్దున్నే విప్పి సంచిలో వేసుకుని, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం, అక్కణ్నుంచి రైల్లో విజయవాడ. వచ్చేటప్పుడు రాత్రయిపోయి పంటు అందకపోతే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. అంటే రోజంతా పోయినట్టే. దొరుకుతుందన్న గ్యారంటీ కూడా లేదు.

వెళ్లే ముందు దాని ఫొటో ఒకటి మల్కిపురం కుర్రాడికి వాట్సాప్‌లో పెట్టాను. కార్బ్యురేటర్ చేసింది ఇతనే. ఐటీఐ చదివి మేనమామ షెడ్డులో చేరాడు, ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి కుర్రాడనే రాస్తున్నాను. “తమ్ముడూ, ఆర్‌ఎక్స్ సీడీఐ అట, సోమవారం విజయవాడ వెళ్తున్నా, అక్కడ ఎవరైనా తెలిసినవాళ్లు ఉన్నారా?” అని అడిగాను. నేను అడిగింది అడ్రసు. అతను అడ్రసు చెప్పలేదు, ఫోన్ చేశాడు.

“అన్నయ్యగారూ, బండి స్టార్ట్ అవుతోందాండి?”

“అవుతోంది.”

“మిస్సింగ్ ఏమైనా?”

“అస్సలు లేదు.”

“అయితే సీడీఐ మాట వదిలెయ్యండి. మీరు పెట్టిన ఫొటోలోది కూడా సీడీఐ కాదండి. టిక్కెట్టు గానీ తీసేశారా?”

తియ్యలేదు. అక్కడే సగం టెన్షన్ దిగింది.

అతను చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. సీడీఐ పని ప్లగ్గు దగ్గర స్పార్క్ తెప్పించడం, అంతే. మాగ్నెటోలో దానికంటూ ఒక కాయిల్ ఉంటుంది, ఆ కాయిల్ ఇచ్చిన కరెంటుని సీడీఐ లోపలి కెపాసిటర్‌లో దాచుకుంటుంది, పల్సర్ కాయిల్ ‘ఇప్పుడు’ అని సిగ్నల్ ఇవ్వగానే ఒక్కసారిగా ఇగ్నిషన్ కాయిల్‌కి వదిలేస్తుంది. ఆర్‌ఎక్స్‌లో దీనికి బ్యాటరీతో పని లేదు, బ్యాటరీ తీసేసినా బండి నడుస్తుంది, మన వైపు అలా తిప్పేవాళ్లు బోలెడుమంది. హెడ్‌లైట్‌తో కూడా దీనికి సంబంధం లేదు. సీడీఐ పోతే స్పార్క్ పోతుంది, లేదా వేడెక్కాక బండి ఆగిపోతుంది, లేదా పై స్పీడులో మిస్ కొడుతుంది. బల్బులు కాల్చడం దాని వల్ల అయ్యే పని కాదు.

మరి డబ్బా ఏమిటి? ఫొటోలో అతను మొదట చూసింది ఫిన్నులు. సిలిండర్ మీద ఉన్నట్టే దీని వీపు మీద కూడా వరసగా అల్యూమినియం రెక్కలున్నాయి. “రెక్కలున్నాయంటే అది వేడి దించుకోవాలండి. సీడీఐకి అంత వేడి ఎక్కడిది? అది ప్లాస్టిక్ డబ్బాలో కూర్చుంటుంది. రెక్కలున్నది ఆర్‌ఆర్ యూనిట్” అన్నాడు. రెగ్యులేటర్, రెక్టిఫైయర్ రెండూ కలిసిన డబ్బా అన్నమాట. మాగ్నెటో ఎంత వేగంగా తిరిగితే అంత వోల్టేజ్ పుట్టిస్తుంది, దానికి ఆగడం తెలియదు. ఈ డబ్బా బ్యాటరీకి వెళ్లే భాగాన్ని ఏసీ నుంచి డీసీగా మార్చి 14 వోల్టుల చుట్టుపక్కల ఆపుతుంది, లైటుకి వెళ్లే ఏసీ కూడా అదుపు దాటబోతే మిగులు కరెంటుని ఎర్త్‌లోకి తోసేస్తుంది. అలా తోసేటప్పుడు పుట్టే వేడి కోసమే రెక్కలు. రైజ్ చేసినప్పుడే బల్బు పోతోందంటే ఆ తోసే పని జరగట్లేదు. బ్యాటరీ ఎక్కట్లేదంటే రెండో పని కూడా జరగట్లేదు. రెండు లక్షణాలూ ఒకే డబ్బా వైపు వేలు చూపిస్తున్నాయి.

“అంటే డబ్బా పోయినట్టేగా, విజయవాడ వెళ్లాల్సిందేగా” అన్నాను.

“ఉండండి. అది ఏ బండిదో చూద్దాం ముందు. రేపు పొద్దున్న ఎండలో ఇంకొన్ని ఫొటోలు పెట్టండి. విప్పకండి, ఉన్న చోటే ఉంచండి.”

శనివారం పొద్దున్న

ఫొటోలు ఎలా తియ్యాలో రాత్రే చెప్పాడు, అది విడిగా రాసుకోదగ్గ సంగతి. నేను పంపిన మొదటి ఫొటో రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఫ్లాష్ వేసి తీసింది, డబ్బా మధ్యలో, వైర్లు వెనక మడత పడి. దాంట్లో డబ్బా జాతి తెలిసింది గానీ ఊరు తెలియలేదు. ఊరు చెప్పేది వైర్ల రంగులు. ఆ రంగులు కూడా ఎక్కడ పడితే అక్కడ చూస్తే కుదరదు. ఇన్నేళ్లలో ఎంతమంది చేతులు పడ్డాయో, తెగిన చోటల్లా చేతికి దొరికిన వైరు అతికేసి టేపు చుట్టేస్తారు, కనెక్టర్ దగ్గర ఎరుపు ఉన్నది డబ్బా దగ్గరికి వచ్చేసరికి పసుపు కావచ్చు. అందుకని వైరు డబ్బాలోంచి బయటికి వచ్చే మొదట్లో, ఆ నల్లటి రెసిన్‌ని ఆనుకుని ఉన్న చోట చూడాలి. పెట్రోలు తడిపిన గుడ్డతో అక్కడ తుడిచి, వెనక తెల్ల కాగితం పెట్టి, ఎండలో ఫ్లాష్ లేకుండా తియ్యమన్నాడు. పసుపు బల్బు వెలుతురులో తెల్ల వైరు, పసుపు వైరు ఒక్కలాగే పడతాయి. పాతబడ్డ తెల్ల వైరు మామూలుగానే పసుపుకి తిరిగి ఉంటుంది. అనుమానం ఉంటే పైన స్లీవ్ కొంచెం వెనక్కి జరిపితే లోపల ఎండ తగలని భాగం అసలు రంగులో ఉంటుంది.

తుడిచాను. జిడ్డు కింద నుంచి నాలుగు రంగులు బయటికొచ్చాయి: ఎరుపు, తెలుపు, పసుపు, ఆకుపచ్చ. తెలుపు సంగతి స్లీవ్ జరిపి చూస్తే గానీ తేలలేదు. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాను, వైర్లు, కనెక్టర్ మూతి, డబ్బా బిగించిన చోటు, ఆకుపచ్చ వైరు చివర చాసిస్‌కి బోల్టు వేసిన చోటు. అన్నీ పంపాను.

టీ తాగేలోపే ఫోనొచ్చింది.

“అన్నయ్యగారూ, ఇది యమహాది కాదండి.”

“ఎలా తెలిసింది?”

“ఆకుపచ్చ వైరు. యమహాలో ఎర్త్ నలుపు. ఆకుపచ్చని ఎర్త్‌గా వాడేది హోండా వాళ్లు. ఎరుపు బ్యాటరీకి, తెలుపు ఛార్జింగ్ కాయిల్ నుంచి, పసుపు లైటింగ్ కాయిల్‌కి, ఆకుపచ్చ ఎర్త్. ఇది పాత హీరో హోండా వంద సీసీ బళ్ల వరస. మీ మామయ్యగారి టైములో అసలుది పోతే ఎవరో ఇది తెచ్చి కట్టారు. కట్టినాయన కూడా మంచోడే, పసుపుకి పసుపు, తెలుపుకి తెలుపు సరిగ్గానే కలిపాడు.”

నేను విజయవాడ వెళ్లి ఉంటే ఏమయ్యేదో అప్పుడు వెలిగింది. పేరు లేని డబ్బా కౌంటర్ మీద పెట్టి ‘ఆర్‌ఎక్స్ సీడీఐ ఇవ్వండి’ అనేవాణ్ని. వాళ్లు డబ్బా వంక చూడకుండానే ఆర్‌ఎక్స్ సీడీఐ తెచ్చి ఇచ్చినా ఇచ్చేవాళ్లు, దాని రేటు వేరు, దాని వైర్లు వేరు, ఇంటికొచ్చి చూస్తే పెట్టడానికి చోటే ఉండదు. లేదా డబ్బా చూసి ‘ఇది ఆర్‌ఎక్స్‌కి ఉండదే’ అని పంపించేసేవాళ్లు. రెండిట్లో ఏదైనా పంటు మీద ఉత్త చేతులతో వెనక్కి రావడమే. ఇలాంటి నాలుగు వైర్ల ఆర్‌ఆర్ యూనిట్ అయితే మల్కిపురంలో అతని షెల్ఫ్‌లోనే ఉందట, కొన్ని వందల రూపాయల సరుకు.

“సరే, అది తీసి పెట్టు, సాయంత్రం వస్తా” అన్నాను.

“అప్పుడే కొనకండి. ఆఖరి ఫొటో ఒకసారి పెద్దది చేసి చూడండి. ఆకుపచ్చ వైరు బోల్టు.”

చూశాను. నాకు బోల్టు తప్ప ఏమీ కనపడలేదు. వైరు చివర గుండ్రటి లగ్గు, దాని మీద బోల్టు తల, వెనక చాసిస్.

“లగ్గు చుట్టూ నల్లగా మెరుస్తోంది కదండి, అది పౌడర్ కోటింగ్. లగ్గు ఇనుము మీద కూర్చోలేదు, పెయింటు మీద కూర్చుంది.”

పౌడర్ కోటింగ్ అంటే మామూలు పెయింటు కాదు, ప్లాస్టిక్ పొడిని వేడితో కరిగించి పట్టించే మందపాటి పొర, కరెంటు దాటదు. చాసిస్ కోటింగ్‌కి ఇచ్చినప్పుడు వాళ్లు ఎర్త్ పాయింట్లకి మాస్కింగ్ వెయ్యరు, మనం చెప్పి వేయించుకోవాలి, లేదా తర్వాత గీకాలి. బోల్టు మరలు కూడా కోటింగ్‌లో మునిగిపోయి ఉంటే ఆ దారి కూడా మూసుకుపోతుంది. ఎర్త్ దొరకని రెగ్యులేటర్ మిగులు కరెంటుని ఎక్కడికి తోస్తుంది? తొయ్యలేదు. అదంతా హెడ్‌లైట్‌కే పోతుంది. లోపలి సర్క్యూట్ వోల్టేజ్ కొలుచుకునేది కూడా ఆ ఎర్త్‌ని చూసే కాబట్టి ఛార్జింగ్ సంగతి కూడా చెడిపోతుంది. యూనిట్‌ని బట్టి కొన్నింట్లో బ్యాటరీ అసలు ఎక్కదు, కొన్నింట్లో మితిమీరి ఎక్కి యాసిడ్ ఉడుకుతుంది.

ఇక్కడ అతను ఒక మాట గట్టిగా చెప్పాడు, నాకు నచ్చింది. ఫొటోలో వస్తువు ఏదో చెప్పొచ్చు, బాగుందో పోయిందో చెప్పలేం. పెయింటు మెరుపు అనుమానం మాత్రమే, మీటరు పెడితే గానీ తేలదు. పైగా డబ్బాని బల్ల మీద పెట్టి మల్టీమీటరుతో డయోడ్ టెస్టు చేసి ‘పోయింది’ అనేవాళ్ల మాట నమ్మొద్దన్నాడు. ఇలాంటి యూనిట్ల లోపల తెలుపుకీ ఎరుపుకీ మధ్య ఉండేది మామూలు డయోడ్ కాదు, గేటుకి సిగ్నల్ వస్తేనే తెరుచుకునే ఎస్‌సీఆర్, బల్ల మీద అది ఎటు పెట్టినా మూసుకునే ఉంటుంది. బాగున్న యూనిట్‌ని కూడా చచ్చిపోయిందని చెత్తలో పడేస్తారు. దీనికి బండి మీద, ఇంజన్ తిరుగుతుండగా చేసేదే టెస్టు.

శనివారం మధ్యాహ్నం

నా దగ్గర ఉన్నది పసుపు రంగు చవక మల్టీమీటరు, ఇన్వర్టర్ బ్యాటరీ చూసుకోవడానికి కొన్నది. ముందు ఇంజన్ ఆపి కంటిన్యుటీలో పెట్టి, ఒక ప్రోబ్ ఆకుపచ్చ వైరు లగ్గు మీద, రెండోది ఇంజన్ ఫిన్ మీద గీకి ఆనించాను. బీప్ లేదు. స్క్రీన్ మీద ఎడమ వైపు ఒంటరిగా 1, అంటే దారి తెగిపోయి ఉందని. లగ్గు నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి పెట్టినా అంతే. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఇంజన్‌కి మాత్రం బీప్ అంది, అందుకే ఇండికేటర్లు, హారన్ కొంతైనా పనిచేస్తున్నాయి, వాటి ఎర్త్ దారి వేరు.

తర్వాత స్టార్ట్ చేసి బ్యాటరీ మీద పెట్టాను. ఆపి ఉన్నప్పుడు 12.4, రైజ్ చేసినా 12.3 దగ్గరే కదలకుండా ఉంది. హెడ్‌లైట్ వైరు మీద ఏసీలో పెడితే (బల్బు ఎలాగూ మాడిపోయి ఉంది) యాక్సిలరేటర్ తిప్పిన కొద్దీ 20 దాటి పైకి పోతోంది. ఇలాంటి చవక మీటర్లు మాగ్నెటో ఏసీని కచ్చితంగా చూపించవు, ఆ అంకెని అక్షరాలా నమ్మక్కర్లేదు, కానీ ఆగకుండా పైకి పోతోందన్నది నిజం. 12 వోల్టుల బల్బు దానికి ఎలా తట్టుకుంటుంది.

రీడింగులు పంపితే కుర్రాడు “ఆయ్, అదేనండి” అన్నాడు, అంతే.

బోల్టు విప్పాను. లగ్గు కింద కోటింగ్ మీద చిన్న గుండ్రటి అచ్చు పడి ఉంది, గీత కూడా పడలేదు. లగ్గు అడుగున ఆకుపచ్చ చిలుము. సముద్రం ఇంత దగ్గర ఉన్న ఊళ్లలో రాగికి ఇది తప్పదు. వైరు తొక్క కొంచెం వలిస్తే లోపల రాగి పోగులు నల్లగా బొగ్గులా ఉన్నాయి, అలాంటి రాగి టంకం కూడా పట్టదు. మెరిసే రాగి కనపడేదాకా కత్తిరించుకుంటూ వెనక్కి వెళ్లాను, బెత్తెడు పోయింది. కొత్త లగ్గు వేసి క్రింప్ చేశాను.

చాసిస్ మీద బోల్టు చుట్టూ వాషర్ పట్టేంత మేర సాండ్ పేపర్‌తో గీకితే కోటింగ్ దిగడానికి చాలాసేపు పట్టింది, బాగా వేశాడు మహానుభావుడు. తెల్లటి ఇనుము బయటపడ్డాక లగ్గు కింద స్టార్ వాషర్ పెట్టి బిగించాను. దాని పళ్లు ఇనుములోకి దిగుతాయి కాబట్టి వైబ్రేషన్‌కి వదులు కాదు. బిగించిన తర్వాత పైన వాజలీన్ రాశాను, ముందు రాస్తే మధ్యలో అడ్డం పడుతుంది. కుర్రాడు ఇంకోటి కూడా చెయ్యమన్నాడు: చాసిస్‌ని నమ్ముకోకుండా అదే లగ్గు నుంచి ఇంకో వైరు నేరుగా ఇంజన్ బోల్టుకి, అక్కణ్నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి. కాయిల్ ఎర్త్ అయ్యేది ఇంజన్ బాడీకే, ఇంజన్ మౌంటింగ్ బోల్టుల కింద కూడా అదే కోటింగ్ ఉంది కాబట్టి ఇది అక్కరలేని జాగ్రత్తేం కాదు. చేశాను.

మళ్లీ మీటరు. లగ్గుకీ ఇంజన్‌కీ బీప్. స్టార్ట్ చేసి రైజ్ చేస్తే బ్యాటరీ మీద నెమ్మదిగా ఎక్కి 13.9 దగ్గర ఆగింది. కొత్త బల్బు వేసి హెడ్‌లైట్ ఆన్ చేసి రైజ్ చేశాను, చెయ్యి కొంచెం వణికింది, దగ్గరున్న ఆఖరి బల్బు అది. కాంతి పెరిగింది, ఒక చోట ఆగిపోయింది. ఏసీ రీడింగ్ 13 చుట్టుపక్కల. డబ్బా మీద చెయ్యి పెడితే కొంచెంసేపటికి వెచ్చగా అయింది, అంటే రెక్కలకి ఇప్పుడు పని దొరికింది.

ఆ పేరు లేని డబ్బా బాగానే ఉంది. కొనాల్సింది ఏమీ లేదు, విజయవాడలోనూ లేదు, మల్కిపురంలోనూ లేదు.

శనివారం రాత్రి

కాలవ గట్టు మీద చీకట్లో ఊరి చివరిదాకా వెళ్లొచ్చాను, బల్బు ఉంది. వచ్చాక కుర్రాడికి ఫోన్ చేసి, ఎప్పుడైనా ఈ యూనిట్ నిజంగా పోతే నీ దగ్గర ఉన్నది అలాగే పట్టేస్తుందా అని అడిగాను. నాలుగు పిన్నుల కనెక్టర్ ఒకేలా ఉంది కదా అని గుచ్చెయ్యొద్దన్నాడు. అదే ఆకారం కనెక్టర్‌లో పిన్నుల వరస మారిన యూనిట్లు కూడా వస్తాయట, కాయిల్ చివర ఎర్త్‌కి కలపకూడని ఫుల్ వేవ్ రకం కూడా బయటికి ఇలాగే కనిపిస్తుంది, దాన్ని ఈ బండికి పెడితే ఛార్జింగ్ కాయిల్ మాడొచ్చు. పిన్ను పిన్నుకీ రంగు చూసి, అనుమానం ఉంటే కనెక్టర్ కోసి విడిగా కలపాలి. నేను వెంటనే ఇప్పుడున్న కనెక్టర్ మూతి ఫొటోని, ఏ పిన్ను ఏ రంగో రాసిన కాగితంతో సహా, టూల్ బాక్స్ మూత లోపల అతికించాను.

డబ్బులు ఎంత ఇవ్వమంటావంటే ఫోన్‌లో చెప్పినదానికి డబ్బులేంటండి అన్నాడు. బదులుగా వేరే కోరిక కోరాడు. ఈ బండికున్న అసలు ఆర్‌ఎక్స్ సీడీఐని ఎండలో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి పంపాలట, వైర్ల మొదళ్లతో సహా. పార్టుల ఫొటోలు ఫోన్‌లో బండి పేరుతో విడివిడిగా దాచుకుంటున్నాడు, ఎవరి చేతులూ పడని యమహా సీడీఐ ఫొటో అతని దగ్గర ఇంకా లేదు. అది ట్యాంకు కింద ఉంది, ట్యాంకు రేపు ఎలాగూ దించాలి, పెట్రోల్ కాక్ దగ్గర చిన్న లీకు కనపడింది.